కండలు పెంచుతున్నవారి కిడ్నీలో రాయి: నీళ్లు, కాల్షియం, ఆక్సలేట్, ప్రొటీన్ సర్దుకునే పద్ధతి

రోజూ జిమ్‌కి వెళ్తూ 200 గ్రాముల ప్రొటీన్ తినే మనిషికి ఒక రాత్రి వీపు కింద ఒక పక్కన నొప్పి మొదలై గజ్జల దాకా పాకుతుంది. స్కాన్‌లో చిన్న రాయి కనిపిస్తుంది. మర్నాటి నుంచి చుట్టూ ఉన్నవాళ్లు మూడు మాటలు చెబుతారు: ప్రొటీన్ మానేయి, పాలూ పెరుగూ మానేయి, నీళ్లు బాగా తాగు. మూడోది నిజమే, కానీ ‘బాగా’ అంటే ఎంతో ఎవరూ చెప్పరు. మొదటిది సగమే నిజం. రెండోది పూర్తిగా తప్పు. మళ్లీ రాయి రావడానికి దారి వేసే తప్పు అది.

కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ రాళ్లే, అంటే కొన్ని ఆకుకూరల్లోనూ గింజల్లోనూ ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియంతో కలిసి గట్టిపడినవి. ఈ వ్యాసం వాటి గురించే. కిడ్నీల పనితీరు మామూలుగా ఉండి, రాయి ఒకసారి వచ్చి, మళ్లీ రాకుండా చూసుకుంటూ బరువులు ఎత్తడం కొనసాగించాలనుకునేవారికి పనికొస్తుంది. కిడ్నీ పనితీరు తగ్గినవారు, ఒకే కిడ్నీ ఉన్నవారు, గుండె జబ్బు వల్ల నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పినవారు ఇందులోని కొలతలు సొంతంగా పాటించకూడదు. వారి లెక్క వేరు.

ఇంకో మాట ముందే చెప్పాలి. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా అది ఆహారం గురించి ఆలోచించే సమయం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన సమయం. రాయి అడ్డుపడిన చోట ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. నొప్పి వచ్చినప్పుడు లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే రాయి కొట్టుకుపోతుందన్నది కూడా నిజం కాదు, నొప్పి పెరగవచ్చు.

## ప్రొటీన్‌కీ రాయికీ ఉన్న లంకె

మాంసం, చేప, గుడ్డు వంటి వాటిలోని ప్రొటీన్‌లో గంధకం ఉన్న అమైనో యాసిడ్లు ఉంటాయి. శరీరం వాటిని వాడుకున్నాక కొంత యాసిడ్ మిగులుతుంది. దాన్ని సర్దుబాటు చేయడానికి ఎముకల నుంచి కొంత క్షారం, దానితో పాటు కాల్షియం బయటికి వస్తాయి. కిడ్నీ కూడా కాల్షియాన్ని పూర్తిగా వెనక్కి లాక్కోలేదు. ఫలితంగా మూత్రంలో కాల్షియం పెరుగుతుంది.

అదే యాసిడ్ వల్ల మూత్రంలో సిట్రేట్ తగ్గుతుంది. సిట్రేట్ మనకు కాపలా లాంటిది. అది కాల్షియాన్ని పట్టుకుని ఆక్సలేట్ దగ్గరికి పోనివ్వదు, పుట్టిన చిన్న స్ఫటికాలను కూడా పెరగనివ్వదు. కాల్షియం పెరిగి సిట్రేట్ తగ్గడమంటే దొంగలు పెరిగి కాపలా తగ్గడమే.

మూడో దారి యూరిక్ యాసిడ్. మాంసం, చేపల్లో ప్యూరిన్లు ఎక్కువ. అవి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. యాసిడ్ వల్ల మూత్రం పీహెచ్ కూడా పడిపోతుంది. పీహెచ్ 5.5 కంటే తగ్గితే యూరిక్ యాసిడ్ కరగకుండా రాయిగా మారే వీలు బాగా పెరుగుతుంది.

అంటే ప్రొటీన్ అన్న మాటే కీడు కాదు. ఎంత తిన్నారు, ఎక్కడి నుంచి తిన్నారు, దానితో పాటు పండ్లూ కూరగాయలూ తిన్నారా, ఉప్పు ఎంత, నీళ్లెంత అన్నవి కలిసి రాయిని కడతాయి. వీటిలో మీ విషయంలో ఏది గాడి తప్పిందో ఊహించి చెప్పలేం. కొలవాలి.

## మొదటి అడుగు: రాయిని పరీక్షకు పంపండి, 24 గంటల మూత్రం కొలిపించండి

రాయి దానంతట అది పడిపోయే అవకాశం ఉంటే మూత్రాన్ని సన్నని జాలీలో వడకట్టి దాచండి. ఆపరేషన్‌లో తీస్తే ముక్కను ల్యాబ్‌కి పంపమని అడగండి. ఇది చాలామంది వదిలేసే పని, కానీ మిగతా పనులన్నీ దీని మీదే ఆధారపడతాయి. అది యూరిక్ యాసిడ్ రాయి అయితే కాల్షియం, ఆక్సలేట్ గొడవ పక్కకు పోయి పీహెచ్ పెంచడం, మాంసం తగ్గించడం ముఖ్యమవుతాయి. కాల్షియం ఫాస్ఫేట్ రాయి అయితే మూత్రం మరీ క్షారంగా మారకుండా చూడాలి, కాబట్టి సిట్రేట్ మందు కూడా ఆచితూచి ఇస్తారు.

తర్వాత 24 గంటల యూరిన్ టెస్ట్. నొప్పి లేదా ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఆగి, మామూలుగా తినే తిండి తింటూ, జిమ్ ఉన్న రోజునే చేయించండి. పరీక్ష కోసం ఆ ఒక్క రోజు బుద్ధిమంతుడిలా నీళ్లు తాగి, సలాడ్లు తింటే వచ్చే రిపోర్టు మీది కాదు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని వదిలేసి, అప్పటి నుంచి మర్నాడు పొద్దున మొదటి మూత్రం దాకా ప్రతిసారీ ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే ముందే ల్యాబ్‌కి చెప్పండి, కొన్ని పద్ధతుల్లో అది ఆక్సలేట్ కొలతను తారుమారు చేస్తుంది. వీలైతే రెండు వేర్వేరు రోజుల్లో చేయించడం మంచిది, ఎందుకంటే మన తిండి ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు.

రిపోర్టులో చూడాల్సినవి మూత్రం పరిమాణం, కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ యాసిడ్, సోడియం, పీహెచ్, యూరియా నైట్రోజన్, క్రియాటినిన్. చివరిది రాయి కోసం కాదు, 24 గంటలూ సరిగ్గా పట్టారో లేదో చెప్పడానికి. మగవారిలో బరువు కిలోకు సుమారు 20 మిల్లీగ్రాముల చొప్పున రావాలి. కండ ఎక్కువున్నవారిలో కొంచెం పైన ఉంటుంది. దీనికి చాలా తక్కువ వస్తే మధ్యలో ఎక్కడో పట్టడం మర్చిపోయారని అర్థం.

## ఒక రిపోర్టును చదువుదాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. 80 కిలోల బరువున్న, 29 ఏళ్ల మగవాడు. వారానికి ఐదు రోజులు బరువులు ఎత్తుతాడు. రెండేళ్లలో రెండోసారి కాల్షియం ఆక్సలేట్ రాయి. మొదటి రాయి తర్వాత పాలు, పెరుగు మానేశాడు. పొద్దున ఆరు గుడ్లు, మధ్యాహ్నం, రాత్రి చికెన్, మధ్యలో నీళ్లలో కలిపిన వే ప్రొటీన్. ఆరోగ్యానికి మంచిదని పచ్చి పాలకూర, బాదం కలిపి రోజూ ఒక స్మూతీ. కీళ్ల కోసం కొలాజెన్ పొడి, రోగనిరోధక శక్తి కోసం రోజుకు 2 గ్రాముల విటమిన్ సి. రిపోర్టు ఇలా వచ్చిందనుకుందాం.

మూత్రం 1.3 లీటర్లు. కాల్షియం 310 మిల్లీగ్రాములు, మగవారిలో 250 లోపు ఉండాలి. ఆక్సలేట్ 58, ఉండాల్సింది 40 లోపు. సిట్రేట్ 290, మగవారిలో 450 పైన ఉంటే మేలు. యూరిక్ యాసిడ్ 870, 800 లోపు ఉండాలి. సోడియం 240 మిల్లీమోల్స్. పీహెచ్ 5.4. యూరియా నైట్రోజన్ 30 గ్రాములు.

తిన్న ప్రొటీన్‌లోని నైట్రోజన్ ఎక్కువగా యూరియాగా మూత్రంలో పోతుంది. కాబట్టి యూరియా నైట్రోజన్ నుంచి అతను నిజంగా ఎంత ప్రొటీన్ తింటున్నాడో లెక్క కట్టొచ్చు:

ప్రొటీన్ (గ్రాములు) = 6.25 × (యూరియా నైట్రోజన్ + 0.031 × బరువు)

బరువు 80 కాబట్టి 0.031తో గుణిస్తే దాదాపు 2.5. దానికి 30 కలిపి 6.25తో గుణిస్తే 203 గ్రాములు. అంటే కిలోకు రెండున్నర గ్రాములు. ‘నేను 150 గ్రాములే తింటున్నాను’ అని నమ్మకంగా చెప్పేవారికి ఈ లెక్క కళ్లు తెరిపిస్తుంది. కండ కొత్తగా పెరుగుతున్నప్పుడు కొంత నైట్రోజన్ లోపలే ఉండిపోతుంది కాబట్టి అసలు తిన్నది దీనికన్నా కాస్త ఎక్కువే ఉండొచ్చు.

ఈ రిపోర్టులో దాదాపు అన్నీ తప్పాయి. కానీ అన్నింటికీ మూలం ప్రొటీన్ కాదు. ఒక్కొక్కటే విడదీద్దాం.

## రెండో అడుగు: నీళ్లు, తాగినవి కాదు బయటికి వచ్చినవి

నీళ్లకు అసలు కొలత తాగిన లీటర్లు కాదు, మూత్రంగా వచ్చిన లీటర్లు. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ రాళ్లు వచ్చేవారికి పెట్టిన లక్ష్యం రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం. ఇటలీలో బోర్గీ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనించారు. రోజుకు 2 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమని చెప్పినవారిలో 12 శాతం మందికి మళ్లీ రాయి వస్తే, అలా చెప్పనివారిలో 27 శాతం మందికి వచ్చింది. మందూ మాకూ లేదు, నీళ్లే.

కారణం సులువే. మన ఉదాహరణలో 58 మిల్లీగ్రాముల ఆక్సలేట్ 1.3 లీటర్లలో ఉంది, అంటే లీటరుకు 45. అదే 2.6 లీటర్లలో ఉంటే లీటరుకు 22. తిండి ఏమీ మార్చకుండానే చిక్కదనం సగమైంది.

ఇతనికి మూత్రం ఇంకో 1.2 లీటర్లు పెరగాలి. కాబట్టి ఇప్పుడు తాగుతున్న దానికి సుమారు లీటరున్నర కలపాలి. జిమ్‌లో పోయే చెమట దీనికి అదనం. చెమట ఎంతో తెలుసుకోవడానికి వర్కౌట్‌కి ముందు, తర్వాత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 0.9 కిలో తగ్గి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, చెమట 1.4 లీటర్లు. తగ్గిన ఆ 0.9 లీటర్లను తర్వాతి రెండు మూడు గంటల్లో తిరిగి తాగాలి. రోజంతా నీళ్ల సీసా వెంట పెట్టుకుని తిరిగే జిమ్ మనిషికి కూడా మూత్రం తక్కువ రావడానికి కారణం ఈ చెమటే.

ఎప్పుడు తాగుతారన్నది కూడా లెక్కే. పగలంతా తాగి సాయంత్రం ఏడు తర్వాత ఆపేస్తే రాత్రి ఎనిమిది గంటల పాటు మూత్రం చిక్కగా ఉంటుంది. స్ఫటికాలు పుట్టే వేళ అదే. పడుకునే ముందు ఒక గ్లాసు తాగండి, రాత్రి మూత్రానికి లేస్తే మరో అర గ్లాసు. నిద్ర చెడుతుందని చాలామంది దీన్ని వద్దంటారు. రెండోసారి రాయి వచ్చినవారు మాత్రం ఒకసారి లేవడానికి ఒప్పుకోవాలని నా అభిప్రాయం. ఒకేసారి రెండు లీటర్లు గటగటా తాగడం వల్ల మాత్రం లాభం లేదు. కొన్ని గంటల్లోనే అంతా పోతుంది, పైగా రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

నెలకొకసారి సెలవు రోజున కొలత జాడీతో ఇంట్లోనే 24 గంటల మూత్రం కొలుచుకోండి. రంగును చూసి అంచనా వేయడం అంత నమ్మకం కాదు, బి విటమిన్ మాత్రలు వేసుకుంటే నీళ్లు చాలినా మూత్రం ముదురు పసుపుగానే ఉంటుంది.

నిమ్మరసం సంగతి. సిట్రేట్ ఉంటుంది కాబట్టి నీళ్లలో పిండుకుంటే మంచిదే, చక్కెరా ఉప్పూ కలపకుండా. కానీ దాని ఫలితం మనిషికీ మనిషికీ మారుతుంది. సిట్రేట్ 290కి పడిపోయినవారికి నిమ్మకాయ ఒక్కటే చాలదు. పండ్లు, కూరగాయలు పెరగాలి, మాంసం తగ్గాలి, అయినా చాలకపోతే డాక్టర్ పొటాషియం సిట్రేట్ రాస్తారు. దాని బదులు సొంతంగా వంటసోడా తాగొద్దు. అందులోని సోడియం మూత్రంలో కాల్షియాన్ని పెంచుతుంది.

## మూడో అడుగు: కాల్షియాన్ని భోజనంలోకి తిరిగి తేవడం

రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం తినకూడదన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. పేగుల్లో జరిగేది వేరు. తిన్న కాల్షియం, తిన్న ఆక్సలేట్ పేగులోనే కలిస్తే కరగని పదార్థంగా మారి మలంలో పోతాయి. పేగులో కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. అక్కడ కాల్షియంతో కలిస్తేనే రాయి. ఆ కలయిక కిడ్నీలో జరగాలా పేగులో జరగాలా అన్నదే ప్రశ్న.

2002లో అదే బోర్గీ బృందం 120 మంది మగవారిపై దీన్ని నేరుగా పరీక్షించింది. అందరికీ మూత్రంలో కాల్షియం ఎక్కువ, అందరికీ రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సగం మందికి కాల్షియం తక్కువ ఉన్న ఆహారం. మిగతా సగానికి మామూలు కాల్షియం, రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాములు ఇస్తూ, మాంసాహార ప్రొటీన్, ఉప్పు తగ్గించారు. ఐదేళ్లకు కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి, కాల్షియం ఉంచిన 60 మందిలో 12 మందికి మళ్లీ రాయి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది, రెండో గుంపులో ఉప్పూ ప్రొటీనూ కూడా మారాయి. కాబట్టి ఘనత అంతా కాల్షియానిదే అనలేం. కానీ కాల్షియం మానితే మేలన్న నమ్మకం మాత్రం అక్కడితో పోయింది.

లక్ష్యం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు, ఆహారం నుంచి, ప్రతి భోజనంలోకీ పంచుకుని. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 ఉంటుంది. పెరుగులోనూ దాదాపు అంతే. పాలు పడనివారు కాల్షియం కలిపిన సోయా పాలు వాడుకోవచ్చు, సీసాను బాగా కుదిపి, ఎందుకంటే కాల్షియం అడుగున పేరుకుంటుంది.

మాత్రల విషయం వేరు. ఖాళీ కడుపుతోనో పడుకునే ముందో వేసుకున్న కాల్షియం మాత్రకు పేగులో పట్టుకోవడానికి ఆక్సలేట్ దొరకదు. అది నేరుగా రక్తంలోకి వెళ్లి మూత్రంలో కాల్షియం పెంచుతుంది. మాత్ర తప్పనిసరైతే భోజనంతోనే వేసుకోవాలి, దాని గురించి డాక్టర్‌తో మాట్లాడి.

## నాలుగో అడుగు: ఆక్సలేట్, అసలు దొంగలు నలుగురే

ఇంటర్నెట్‌లో ఆక్సలేట్ జాబితాలు పేజీల కొద్దీ ఉంటాయి. వాటిని పట్టుకుని కూర్చుంటే తినడానికి ఏమీ మిగలదు, టెన్షన్ తప్ప. మూత్రంలో ఆక్సలేట్ మామూలుగా ఉన్నవారు ఈ జాబితాల జోలికి పోనవసరం లేదు. పెరిగినవారు కూడా ముందు పెద్దవాటిని పట్టుకోవాలి. కండలు పెంచేవారిలో నాకు తోచే పెద్దవి నాలుగు.

మొదటిది పాలకూర. ఉడికించిన అర కప్పులోనే సుమారు 750 మిల్లీగ్రాముల ఆక్సలేట్ ఉంటుంది. ఆక్సలేట్ తగ్గించాలనుకునేవారికి సాధారణంగా చెప్పే రోజువారీ హద్దు 100 మిల్లీగ్రాములు. మిగతా తిండంతా ఎంత జాగ్రత్తగా తిన్నా ఒక్క స్మూతీ ఆ లెక్కను తుడిచిపెట్టేస్తుంది. ఉడికించి నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది, స్మూతీలో ఆ అవకాశం కూడా లేదు. దాని బదులు క్యాబేజీ, కాలీఫ్లవర్, కీరా వాడుకోవచ్చు.

రెండోది బాదం. ఒక గుప్పెడు, అంటే 28 గ్రాముల్లో సుమారు 120 మిల్లీగ్రాములు. ఎప్పుడో నాలుగు పలుకులు తింటే ఏమీ కాదు. బాదం పాలు, బాదం పిండి, బాదం వెన్న అన్నీ కలిపి రోజూ వాడేవారిదే సమస్య.

మిగతా రెండూ తిండిలో కనపడవు, డబ్బాల్లో ఉంటాయి. విటమిన్ సి శరీరంలో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. రోజుకు గ్రాము, రెండు గ్రాముల మాత్రలు మూత్రంలో ఆక్సలేట్‌ను పెంచుతాయని తెలుసు. పండ్లలో ఉన్న విటమిన్ సికి ఈ భయం లేదు, మాత్రలే ఆపాలి. నాలుగోది కొలాజెన్, జెలటిన్ పొడులు. వీటిలో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో యాసిడ్ చాలా ఉంటుంది, కాలేయం దానిలో కొంత భాగాన్ని ఆక్సలేట్‌గా మారుస్తుంది. 30 గ్రాముల జెలటిన్ తిన్నవారిలో మూత్రంలో ఆక్సలేట్ పెరిగిందని, అంతే వే ప్రొటీన్ తిన్నప్పుడు అలా పెరగలేదని ఒక ప్రయోగంలో చూశారు. పైగా కండ కట్టడానికి కొలాజెన్ నాసిరకం ప్రొటీన్. రాయి వచ్చినవారు దాన్ని వదిలేస్తే పోయేదేమీ లేదు.

మన ఉదాహరణలోని మనిషి ఈ నాలుగూ వాడుతున్నాడు, పైగా పాలూ పెరుగూ మానేశాడు. 58 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఇందులో చికెన్‌ది పెద్ద పాత్ర కాదు.

ఈ నాలుగూ ఆపి, భోజనంలో కాల్షియం చేర్చాక కూడా ఆక్సలేట్ 75 దాటి ఉంటే అది తిండితో సరిపడే సమస్య కాకపోవచ్చు. పేగుల్లో కొవ్వు సరిగా అరగకపోవడం, పుట్టుకతో వచ్చే కాలేయ లోపం వంటివి వెతకాలి. నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

## ఐదో అడుగు: ఉప్పు

ఇది చిన్నదే, కానీ చాలామంది రిపోర్టులో ఈ గడిని చూడరు. సోడియం 240 మిల్లీమోల్స్ అంటే రోజుకు దాదాపు 14 గ్రాముల ఉప్పు. ప్రతి 100 మిల్లీమోల్స్ సోడియంతో పాటు సుమారు 40 మిల్లీగ్రాముల కాల్షియం మూత్రంలోకి పోతుందని లెక్క. లక్ష్యం 100, అంటే 6 గ్రాముల లోపు ఉప్పు. ఇతను అక్కడికి వస్తే కాల్షియం 50 మిల్లీగ్రాములకు పైగా తగ్గొచ్చు. సాస్‌లు, ప్యాకెట్ మాంసం, నిల్వ పచ్చళ్లు, జిమ్‌లో తాగే ఎలక్ట్రోలైట్ పొడి, వీటిలోనే ఎక్కువ ఉప్పు దాగి ఉంటుంది. గంటా గంటంపావు వర్కౌట్‌కి ఎలక్ట్రోలైట్ పొడి అవసరం చాలామందికి ఉండదు.

## ఆరో అడుగు: కండల ప్లాన్‌ను తిరగరాయడం

ఇక అసలు ప్రశ్న. ప్రొటీన్ ఎంత తగ్గిస్తే కండ పోకుండా రాయి రాకుండా ఉంటుంది?

2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి, బరువులు ఎత్తేవారిలో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ లాభం ఇస్తుందని, ఆపైన అదనంగా కండ పెరిగినట్టు కనపడలేదని చెప్పింది. కొందరికి 2.2 దాకా ఉపయోగపడవచ్చని దాని లెక్కల్లో కొంత చోటుంది. కానీ రాయి వచ్చినవారు ఆ ‘కావచ్చు’ కోసం పాకులాడటం మంచి బేరం కాదు. 80 కిలోలకు 1.6 అంటే 128 గ్రాములు. 203 నుంచి అక్కడికి వస్తే 75 గ్రాముల ప్రొటీన్ తగ్గింది, కండకు పోయేది దాదాపు శూన్యం.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. యూరోపియన్ యూరాలజీ మార్గదర్శకాలు రాళ్లు వచ్చేవారికి మాంసాహార ప్రొటీన్ కిలోకు 0.8 నుంచి 1 గ్రాము దగ్గర ఆపమంటాయి. మొత్తం 1.6 అన్నది ఒక రాజీ. ఆ రాజీ నిలబడాలంటే మాంసం, చేప, గుడ్డు కలిపి కిలోకు 0.8 దాటకూడదు, మిగతాది పాలు, పెరుగు, వే, పప్పుల నుంచి రావాలి. పాలలో ప్యూరిన్లు దాదాపు లేవు, ప్రొటీన్‌తో పాటు కాల్షియం కూడా వస్తుంది. పప్పుల్లో ప్రొటీన్‌తో పాటు యాసిడ్‌ను తగ్గించే పొటాషియం ఉంటుంది. ఏటా రాయి వచ్చేవారైతే నేను 1.2 నుంచి 1.3 దగ్గర మొదలుపెట్టమంటాను. కొంచెం నెమ్మదిగానైనా అక్కడా కండ పెరుగుతుంది.

80 కిలోల మనిషి రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున మూడు గుడ్లు, 300 మిల్లీలీటర్ల పాలు, బ్రెడ్, అరటిపండు: సుమారు 32 గ్రాముల ప్రొటీన్, 360 మిల్లీగ్రాముల కాల్షియం. మధ్యాహ్నం వండిన చికెన్ 120 గ్రాములు, అన్నం, కూరగాయలు, 200 గ్రాముల పెరుగు: 45 గ్రాములు, 240 మిల్లీగ్రాములు. వర్కౌట్ తర్వాత ఒక స్కూప్ వే, నీళ్లలో కాకుండా 200 మిల్లీలీటర్ల పాలలో, ఒక నారింజ: 31 గ్రాములు, 340 మిల్లీగ్రాములు. రాత్రి పప్పు, అన్నం, కూర, 150 గ్రాముల పెరుగు: 22 గ్రాములు, 180 మిల్లీగ్రాములు. మొత్తం 130 గ్రాముల ప్రొటీన్, 1120 మిల్లీగ్రాముల కాల్షియం. గుడ్లూ చికెనూ కలిపి 55 గ్రాములే, కిలోకు 0.7. ప్రతి భోజనంలోనూ పాలో పెరుగో ఉంది.

తగ్గిన 75 గ్రాముల ప్రొటీన్‌తో పాటు 300 క్యాలరీలు కూడా తగ్గాయన్నది మరిచిపోవద్దు. వాటిని అన్నం, బంగాళదుంప, పండ్లు, నూనెతో పూడ్చాలి. చాలామంది ఇది చేయక, రెండు వారాలకు బరువులు ఎత్తలేక, ‘ప్రొటీన్ తగ్గించాను కాబట్టి కండ పోయింది’ అనుకుంటారు. పోయింది తిండి మొత్తం. ఒంట్లో కొవ్వు తగ్గించే దశలో ఉన్నవారు ఇంకో జాగ్రత్త పడాలి. పిండిపదార్థాలు దాదాపు మానేసి మాంసం మీద బతికే పద్ధతి, కీటో కూడా, మూత్రాన్ని యాసిడ్‌గా మార్చి సిట్రేట్‌ను పడగొడుతుంది. రాయి ఉన్నవారికి అది తగదు. వారానికి అర కిలో చొప్పున నెమ్మదిగా తగ్గండి.

క్రియేటిన్ వాడేవారికి ఒక మాట. అది రాళ్లు తెస్తుందని తేల్చిన ఆధారం లేదు. కానీ అది రక్తంలో క్రియాటినిన్‌ను కొంచెం పెంచి కిడ్నీ దెబ్బతిన్నట్టు చూపించవచ్చు. కండ ఎక్కువున్నా అంతే. రిపోర్టు అలా వస్తే కంగారు పడకుండా డాక్టర్‌కి క్రియేటిన్ సంగతి చెప్పి, కండతోనూ క్రియేటిన్‌తోనూ పెద్దగా మారని సిస్టాటిన్ సి అనే కిడ్నీ పరీక్ష గురించి అడగండి.

## ఏడో అడుగు: మళ్లీ కొలవడం

8 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ 24 గంటల టెస్ట్. మన మనిషికి ఇలా వచ్చిందనుకుందాం: మూత్రం 2.6 లీటర్లు, ఆక్సలేట్ 35, సిట్రేట్ 480, పీహెచ్ 6.0, సోడియం 115, యూరియా నైట్రోజన్ 18. చివరిది పాత లెక్కలో పెడితే 128 గ్రాముల ప్రొటీన్, మాటా చేతా కలిశాయి. కాల్షియం మాత్రం 280 దగ్గరే ఉంది.

ఈ 280ని ఎలా చదవాలి? సోడియం ఇంకా 200 పైన ఉంటే ఉప్పు తగ్గించలేదని చెప్పేవాళ్లం. ప్రొటీన్ 200 ఉంటే దాన్ని అనేవాళ్లం. రెండూ దిగాయి, అయినా కాల్షియం దిగలేదు. అంటే ఇతని శరీరమే కాల్షియాన్ని ఎక్కువగా వదిలే రకం కావచ్చు. రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి చూడాలి. విటమిన్ డి మాత్రలు మోతాదు మించి వాడుతున్నాడేమో అడగాలి. అవన్నీ సరిగా ఉంటే డాక్టర్ మూత్రంలో కాల్షియం తగ్గించే థయజైడ్ రకం మందు గురించి ఆలోచిస్తారు. ఇక్కడ పాలు మానేయడం వైపు మళ్లీ మనసు లాగుతుంది. మానేస్తే కాల్షియం అంకె కొంచెం దిగొచ్చు, ఆక్సలేట్ అంకె 35 నుంచి మళ్లీ పైకి పోతుంది.

ఆ తర్వాత టెస్ట్ ఏడాదికొకసారి చాలు. కొత్త రాయి వచ్చినా, ప్లాన్‌లో పెద్ద మార్పు చేసినా ముందే చేయించాలి. స్కాన్‌లో ఇంతకు ముందే ఉన్న చిన్న రాళ్లు కనపడితే వాటి సైజు రాసి పెట్టుకోండి. ఈ పద్ధతి వాటిని కరిగించదు, కాల్షియం ఆక్సలేట్ రాయి తిండితో కరగదు. ఏడాది తర్వాత అదే స్కాన్‌లో అవి పెరగకుండా, కొత్తవి పుట్టకుండా ఉన్నాయా అన్నదే చూడాలి. పాత రాయి ఒకటి ఈలోపు జారి నొప్పి పెట్టినంత మాత్రాన ప్లాన్ పని చేయలేదని కాదు. పడిన రాయి పాత స్కాన్‌లో ఉన్నదేనా అని ముందు పోల్చి చూసుకోండి.